వాన మింగిన ఓవర్లు, చేతిలో మిగిలిన వికెట్లు



1992 మార్చి 1. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ మైదానం. ప్రపంచకప్ లీగ్ మ్యాచ్‌లో ఆస్ట్రేలియా ముందుగా బ్యాటింగ్ చేసి 50 ఓవర్లలో 237 పరుగులు తీసింది. మనవాళ్లు ఛేజింగ్ మొదలుపెట్టాక వాన వచ్చింది, మూడు ఓవర్లు పోయాయి. మూడు ఓవర్లు పోతే టార్గెట్ ఎంత తగ్గాలి? ఓవరుకి నాలుగున్నర పైన కొడితేనే అందే స్కోరు కాబట్టి పదో పన్నెండో తగ్గుతాయని ఎవరైనా అనుకుంటారు. తగ్గించింది రెండంటే రెండు పరుగులు. 50 ఓవర్లలో 238 కొట్టాల్సినవాళ్లు 47 ఓవర్లలో 236 కొట్టాలన్నారు. మన హైదరాబాదీ కెప్టెన్ అజారుద్దీన్ 93 పరుగులు చేసి రనౌట్ అయ్యాడు. ఆఖరి బంతికి నాలుగు పరుగులు కావాలి. శ్రీనాథ్ గాల్లోకి లేపాడు, బౌండరీ దగ్గర స్టీవ్ వా క్యాచ్ వదిలేశాడు. బ్యాటర్లు రెండు తీశారు, మూడోది తీస్తే టై. ఆ మూడో పరుగుకి ఉరికినవాడు కూడా హైదరాబాదీయే, వెంకటపతి రాజు. స్టీవ్ వా విసిరిన బంతి అతనికంటే ముందు చేరింది. ఒక్క పరుగు తేడాతో ఓడిపోయాం.

ఆ రెండు పరుగుల లెక్క ఎక్కడినుంచి వచ్చిందో ముందు చెప్తాను, ఎందుకంటే తరవాత వచ్చిన పద్ధతి గొప్పేమిటో దానివల్లే తెలుస్తుంది. అప్పటి నియమం ఇది. ఛేజింగ్ జట్టుకి 47 ఓవర్లే దొరికితే, ముందు ఆడిన జట్టు 50 ఓవర్లలోంచి ఎక్కువ పరుగులు వచ్చిన 47 ఓవర్లను ఏరి వాటి మొత్తానికి ఒకటి కలిపి టార్గెట్‌గా పెట్టాలి. అంటే అన్నిటికంటే తక్కువ పరుగులు వచ్చిన మూడు ఓవర్లను పక్కన పడేస్తారు. మనవాళ్లు అంతకుముందు కష్టపడి వేసిన మెయిడెన్ ఓవర్లు, ఒక్క పరుగు మాత్రమే ఇచ్చిన ఓవర్లు, అవే చెత్తబుట్టలోకి పోయాయి. ఆ మూడింటిలో వచ్చినవి మొత్తం రెండు పరుగులు, తగ్గించినవీ అవే. ఎంత బాగా బౌలింగ్ చేస్తే వాన పడ్డప్పుడు అంత నష్టం అన్నమాట. క్రికెట్‌లో ఇంత తలకిందుల నియమం ఇంకోటి నాకు కనపడలేదు.

అంతకుముందు వాడిన నియమం ఇంకా సాదా. సగటు రన్‌రేట్ ఎంతో చూసి మిగిలిన ఓవర్లతో హెచ్చవేయడం. 50 ఓవర్లలో 250 కొట్టిన జట్టు మీద 25 ఓవర్లే దొరికితే 126 కొట్టు, గెలుస్తావు. చూడ్డానికి న్యాయంగానే ఉంది. కానీ ఓవరుకి ఐదు చొప్పున 50 ఓవర్లు కొట్టడం వేరు, పదిమంది వికెట్లూ చేతిలో పెట్టుకుని అదే వేగంతో 25 ఓవర్లు కొట్టడం వేరు. రెండోది ఎంతో సులువు. అందుకే ఆ రోజుల్లో మబ్బు కనిపిస్తే టాస్ గెలిచిన కెప్టెన్లు కళ్లు మూసుకుని ఫీల్డింగ్ తీసుకునేవారు. ఆ అన్యాయాన్ని సరిదిద్దడానికే మెయిడెన్లు పారేసే నియమం తెచ్చారు. ఒక వైపు ఒరిగిన బండిని నిలబెట్టబోయి రెండో వైపు పడేశారు.

అదే నెల 22న సిడ్నీలో సెమీఫైనల్. ఇంగ్లండ్ మీద దక్షిణాఫ్రికా 13 బంతుల్లో 22 పరుగులు చేయాలి. గెలవొచ్చు, ఓడొచ్చు, రసవత్తరమైన ఘట్టం. వాన ఓ పన్నెండు నిమిషాలు పడింది. ఆటగాళ్లు మళ్లీ మైదానంలోకి వచ్చేసరికి రెండు ఓవర్లు పోయాయి. టార్గెట్‌లో తగ్గింది ఒక్క పరుగు. ఒక్క బంతికి 21 కొట్టాలి! స్కోరుబోర్డు మీద పొరపాటున ఒక్క బంతికి 22 అని వేసేసరికి చూస్తున్నవాళ్లకి ఏమీ అర్థం కాలేదు. క్రీజులో ఉన్న బ్రయన్ మెక్‌మిలన్ ఆ బంతిని నెమ్మదిగా తోసి ఒక్క పరుగు తీసి బయటికి నడిచాడు.

ఆ రోజు ఇంగ్లండ్‌లో రేడియో వింటున్నవాళ్లలో ఫ్రాంక్ డక్‌వర్త్ అనే గణాంక శాస్త్రవేత్త ఉన్నాడు. ఇంతకంటే మంచి పద్ధతి ఎవరో ఒకరు కనిపెట్టలేరా అని వ్యాఖ్యాత క్రిస్టఫర్ మార్టిన్ జెంకిన్స్ వాపోయిన మాట ఆయన చెవిన పడింది. ఇది లెక్కల సమస్య, దీనికి లెక్కల్లోనే జవాబు ఉండాలి అనుకున్నానని డక్‌వర్త్ తరవాత చెప్పుకున్నాడు. టోనీ లూయిస్ అనే ఇంకో గణాంకవేత్త తోడయ్యాడు. వాళ్ల పద్ధతిని 1997 జనవరి 1న హరారేలో జింబాబ్వే, ఇంగ్లండ్ మ్యాచ్‌లో మొదటిసారి అంతర్జాతీయ క్రికెట్‌లో వాడారు. ఇంగ్లండ్ ఏడు పరుగుల తేడాతో ఓడిపోయింది. కనిపెట్టిన ఇద్దరూ ఇంగ్లండ్‌వాళ్లే కావడం కాస్త చమత్కారం.

ఇక అసలు విషయం. వాళ్లు అడిగిన ప్రశ్న ఒకటే: ఈ క్షణంలో ఈ జట్టు చేతిలో ఇంకా పరుగులు తీసే సత్తా ఎంత మిగిలి ఉంది? పాత నియమాలు ఓవర్లను మాత్రమే లెక్కపెట్టాయి. కానీ పరుగులు తీయడానికి రెండు కావాలి, ఓవర్లూ కావాలి, వికెట్లూ కావాలి. ఈ రెండూ కలిస్తేనే వనరు. బండిలో పెట్రోలు వికెట్లు అనుకోండి, చేతిలో ఉన్న సమయం ఓవర్లు అనుకోండి. ట్యాంకు నిండుగా ఉన్నవాడికి ఒక గంట సమయం తగ్గిస్తే చాలా దూరం పోగొట్టుకుంటాడు. ట్యాంకులో చుక్కలు మిగిలినవాడికి అదే గంట తగ్గిస్తే పెద్దగా పోయేదేం లేదు, ఎటూ ఆ పెట్రోలుతో ఎక్కువ దూరం పోలేడు. డక్‌వర్త్, లూయిస్‌ల పద్ధతికి ప్రాణం ఈ తేడాలోనే ఉంది.

దీన్ని అంకెల్లో పెట్టడానికి వాళ్లు పాత మ్యాచ్‌ల స్కోర్లు ముందేసుకుని, ఇన్ని ఓవర్లు మిగిలి ఇన్ని వికెట్లు పడ్డ దశనుంచి జట్లు సగటున ఇంకా ఎన్ని పరుగులు తీస్తున్నాయో చూశారు. 50 ఓవర్లు, పది వికెట్లు ఉన్న జట్టు వనరు నూటికి నూరు. మిగతా ప్రతి దశకీ అందులో శాతం కట్టారు. వాళ్లు అచ్చువేసిన పట్టికలోంచి కొన్ని అంకెలు చదువుతాను, కొంచెం నెమ్మదిగానే. వికెట్ పడకుండా 20 ఓవర్లు మిగిలితే వనరు 40 శాతం కాదు, 56.6 శాతం. పది ఓవర్లే మిగిలితే 32.1 శాతం. అంటే ఓవర్లలో అయిదో వంతే ఉన్నా, వికెట్లన్నీ ఉంటే సత్తాలో మూడో వంతు దగ్గరే. అదే తొమ్మిది వికెట్లు పడిపోయిన జట్టుకి 50 ఓవర్లు మిగిలినా 4.7 శాతం, పది ఓవర్లు మిగిలినా 4.7 శాతం. ఆఖరి జోడీ ఎన్ని ఓవర్లు ఇచ్చినా అన్ని ఆడదు కదా, అందుకు.

ఇప్పుడు ఒక ఊహా మ్యాచ్ ఆడదాం. దగ్గర్లో కాగితం, పెన్సిలు ఉంటే తీసుకోండి. ముందు ఆడిన జట్టు 50 ఓవర్లలో 250 కొట్టింది. ఛేజింగ్ జట్టు 20 ఓవర్లు ఆడి రెండు వికెట్లు పోగొట్టుకుంది. వాన వచ్చింది, పది ఓవర్లు కొట్టుకుపోయాయి. వాన రాకముందు ఆ జట్టుకి 30 ఓవర్లు, ఎనిమిది వికెట్లు ఉన్నాయి. పట్టికలో దాని విలువ 67.3. వాన వెలిశాక 20 ఓవర్లు, అవే ఎనిమిది వికెట్లు. దాని విలువ 52.4. రెండిటికీ తేడా 14.9. వాన మింగింది అదీ. నూరులోంచి అది తీసేస్తే 85.1. అంటే ఈ జట్టుకి దక్కిన వనరు అవతలి జట్టుకి దక్కినదాంట్లో 85.1 శాతం. కాబట్టి 250లో 85.1 శాతం, 212 చిల్లర. టార్గెట్ 213.

ఒకే ఒక్క మార్పు చేద్దాం. అదే 20 ఓవర్లు, అదే వాన, కానీ పడ్డవి రెండు కాదు, ఐదు వికెట్లు. వాన ముందు వనరు 44.7, వాన తరవాత 38.6. పోయింది 6.1 మాత్రమే. మిగిలింది 93.9 శాతం, టార్గెట్ 235. ఓవర్లు ఒకటే, వాన ఒకటే, టార్గెట్‌లో 22 పరుగుల తేడా. ఐదు వికెట్లు పోయిన జట్టుకి ఆ పది ఓవర్లు ఉన్నా పెద్దగా ఉపయోగపడేవి కావని పట్టిక అంటోంది. పాత రన్‌రేట్ నియమమైతే ఇద్దరికీ కళ్లు మూసుకుని 201 అనేది.

వాన వెలవనే లేదు, ఆట అక్కడితో ఆగిపోయింది అనుకుందాం. 20 ఓవర్లు పూర్తయ్యాయి కాబట్టి వన్డేలో ఫలితం తేల్చవచ్చు. రెండు వికెట్లు పోయిన జట్టు 67.3 శాతం వాడుకోకుండానే ఆట ముగిసింది, వాడినది 32.7 శాతం. 250లో 32.7 శాతం అంటే 81 పైన. ఐదు వికెట్లు పోయిన జట్టు వాడేసింది 55.3 శాతం, 138 పైన. స్కోరు 100 అనుకోండి. రెండు వికెట్లకు 100 చేసిన జట్టు 19 పరుగుల తేడాతో గెలిచింది. ఐదు వికెట్లకు అదే 100 చేసిన జట్టు 38 పరుగుల తేడాతో ఓడింది. టీవీలో పార్ స్కోరు అని మూలన కనిపించే అంకె ఇదే.

నిజమైన మ్యాచ్‌లో దీన్ని చూడాలంటే 2023 నవంబరు 4న బెంగళూరులో జరిగిన ప్రపంచకప్ మ్యాచ్‌ని మించింది లేదు. న్యూజిలాండ్ 401 కొట్టింది. పాకిస్తాన్ తరఫున ఫఖర్ జమాన్ సిక్సర్లతో విరుచుకుపడ్డాడు. మొదట ఓసారి వాన వచ్చి టార్గెట్‌ని 41 ఓవర్లలో 342కి మార్చారు. మళ్లీ వాన వచ్చి 25.3 ఓవర్ల దగ్గర ఆట ఆగిపోయేసరికి పాకిస్తాన్ స్కోరు ఒక్క వికెట్ నష్టానికి 200. న్యూజిలాండ్ సగటు ప్రకారం చూస్తే అన్ని ఓవర్లకి 204 దాకా ఉండాలి, అంటే పాకిస్తాన్ వెనకబడే ఉంది. కానీ వికెట్ ఒక్కటే పోయింది. 21 పరుగుల తేడాతో పాకిస్తాన్ గెలిచిందని ప్రకటించారు. న్యాయమేనా అని ఆ రాత్రి చాలామంది అడిగారు. తొమ్మిది వికెట్లు చేతిలో ఉండి ఓవరుకి దాదాపు ఎనిమిది కొడుతున్న జట్టు ముందంజలో ఉందనడం నా దృష్టిలో న్యాయమే.

అన్నిటికంటే ఎక్కువ గొడవ వచ్చేది మాత్రం మొదటి ఇన్నింగ్స్ మధ్యలో వాన పడినప్పుడు. అవతలివాళ్లు కొట్టినదానికంటే వీళ్లు ఎక్కువ కొట్టాలట, ఇదేం లెక్క అని టీవీ ముందు కూర్చున్నవాళ్లు విసుక్కుంటారు. ఒక జట్టు 50 ఓవర్లు ఆడదామని దిగి 40 ఓవర్లలో ఐదు వికెట్లకు 200 చేసింది. అప్పుడు వాన, ఇన్నింగ్స్ అక్కడికే సరి. వాళ్లకి దక్కకుండా పోయిన వనరు, పది ఓవర్లు, ఐదు వికెట్లు, 26.1 శాతం. దక్కినది 73.9. రెండో జట్టుకి 40 ఓవర్లు ఇచ్చారు. వాళ్లు 40 ఓవర్లే అని ముందే తెలిసి, పది వికెట్లూ పెట్టుకుని దిగుతారు. వాళ్ల వనరు 89.3. తేడా 15.4 శాతం ఎక్కువ. దీన్ని పరుగుల్లోకి మార్చడానికి 50 ఓవర్ల సగటు స్కోరు ఒకటి ముందే అనుకుంటారు. దాన్ని 245గా తీసుకుంటే అందులో 15.4 శాతం దాదాపు 38. టార్గెట్ 238. మొదటి జట్టు వికెట్లు దాచుకుని చివరి పది ఓవర్లలో బాదుదామని కూర్చుంది. ఆ బాదే సమయాన్నే వాన లాక్కుంది. ఆ దాచుకున్న వికెట్లకి విలువ కట్టకపోతే అన్యాయం.

ఇలాంటిదే 2008 నవంబరులో బెంగళూరులో జరిగింది. వాన మళ్లీ మళ్లీ అడ్డం పడి భారత్ 22 ఓవర్లలో నాలుగు వికెట్లకు 166 చేస్తే ఇంగ్లండ్‌కి అవే 22 ఓవర్లలో 198 టార్గెట్ ఇచ్చారు. వాళ్లు 178 దగ్గర ఆగారు.

సిడ్నీ సంగతి కూడా తేల్చేద్దాం. ఆనాటి సెమీఫైనల్‌కి ఈ పద్ధతి వాడి ఉంటే ఆ ఒక్క బంతికి దక్షిణాఫ్రికా గెలవడానికి ఐదు పరుగులు కావలసి వచ్చేది. ఒక సిక్సర్ దూరం. బ్రిస్బేన్‌లో మనవాళ్లకైతే రెండు కాదు, అంతకంటే చాలా ఎక్కువ పరుగులు తగ్గేవి.

ఈ పద్ధతికి లోపాలు లేవా అంటే ఉన్నాయి. వికెట్ ఎవరిదన్నది దానికి పట్టదు. టెండూల్కర్ అవుటైనా ఒక వికెట్టే, పదకొండో ఆటగాడు అవుటైనా ఒక వికెట్టే. నేనిప్పుడు చదివిన పట్టికకి ఇంకో చిక్కుంది. 350, 400 కొట్టే మ్యాచ్‌ల్లో జట్లు మొదటి ఓవరునుంచే బాదుతాయి, చివరికి దాచుకునేది తక్కువ. మామూలు స్కోర్లకి కట్టిన శాతాలు అక్కడ సరిపోవు. అందుకే పెద్ద మ్యాచ్‌లకి కంప్యూటర్ మీద నడిచే రూపం తెచ్చారు. మొదటి జట్టు స్కోరుని బట్టి అది శాతాలనే మార్చుకుంటుంది. టీవీలో వచ్చే అంకెలు మీరు పట్టికతో కట్టిన అంకెలకి ఒకటి రెండు పరుగులు అటూ ఇటూ ఉంటే కంగారు పడకండి. 2014నుంచి ఈ లెక్కల బాధ్యత ఆస్ట్రేలియాలో ఉండే స్టీవెన్ స్టెర్న్ అనే ఆచార్యుడు తీసుకున్నారు. అప్పటినుంచే పేరు చివర మూడో అక్షరం చేరి డీఎల్ఎస్ అయింది. మన దేశంలో కేరళకి చెందిన ఇంజినీరు వి. జయదేవన్ తయారుచేసిన ఇంకో పద్ధతిని దేశవాళీ పోటీల్లో వాడారు కూడా.

ఇరవై ఓవర్ల ఆట దగ్గరికి వచ్చేసరికి నా అభిప్రాయం కొంచెం మారుతుంది. 2010 టీ20 ప్రపంచకప్‌లో గయానాలో ఇంగ్లండ్ 191 కొడితే వానవల్ల వెస్టిండీస్‌కి ఆరు ఓవర్లలో 60 టార్గెట్ వచ్చింది. ఓవర్లు 30 శాతం, పరుగులు 31 శాతం పైన. పది వికెట్లూ ఆరు ఓవర్లలో ఖర్చు పెట్టుకోగల జట్టుకి ఇది చాలా ఉదారమైన బేరం. ఎనిమిది వికెట్ల తేడాతో గెలిచారు. ఇంగ్లండ్ కెప్టెన్ కాలింగ్‌వుడ్ ఫిర్యాదు చేశాడు, ఆయన మాటలో నిజముంది. (చివరికి కప్పు గెలిచింది మాత్రం ఇంగ్లండే.) 50 ఓవర్ల ఆటలో పుట్టిన వంపుని మరీ చిన్న ఇన్నింగ్స్ మీద పరిస్తే అతుకు కనిపిస్తుంది. ఆ తరవాత వాళ్లు టీ20 స్కోర్లు కూడా కలిపి లెక్కలు సవరించుకుంటూ వచ్చారు.

అయితే పద్ధతి తప్పువల్ల కాకుండా, కాగితం సరిగ్గా చదవకపోవడంవల్ల ఒక జట్టు ప్రపంచకప్పే పోగొట్టుకున్న సంగతి ఉంది. 2003 మార్చి 3, డర్బన్. దక్షిణాఫ్రికాలోనే ప్రపంచకప్. శ్రీలంక 268 కొట్టింది. ఆతిథ్య జట్టు ఛేజ్ చేస్తుండగా వాన ముంచుకొస్తోంది. డ్రెస్సింగ్ రూములో ఒక కాగితం ఉంటుంది. ఓవర్లు నిలువుగా, పడిన వికెట్లు అడ్డంగా, ఒక్కో గడిలో ఒక్కో పార్ స్కోరు. 45 ఓవర్లు ముగిసేసరికి ఆరు వికెట్లకు 229 అని ఉంది. మైదానంలోకి 229 అని కబురు పంపారు. మార్క్ బౌచర్ మురళీధరన్ వేసిన అయిదో బంతిని సిక్సర్ కొట్టి స్కోరు 229 చేశాడు. పని అయిపోయిందనుకుని ఆరో బంతిని పరుగు తీయకుండా తోసేశాడు. వాన పెరిగింది, ఆటగాళ్లు లోపలికి వెళ్లారు, మళ్లీ ఆట జరగలేదు. 229 అన్నది గెలిచే అంకె కాదు, సమానం చేసే అంకె. మ్యాచ్ టై అయింది, ఆతిథ్య జట్టు సొంతగడ్డ మీద మొదటి దశలోనే ఇంటికి వెళ్లింది. కెప్టెన్ షాన్ పొలాక్ కెప్టెన్సీ కూడా పోయింది.

కాబట్టి ఈసారి మబ్బు పట్టినప్పుడు రేడియోలోనో టీవీలోనో పార్ స్కోరు చెప్తే దానికి ఒకటి కలుపుకోండి, అప్పుడే గెలుపు. ఇంకో జాగ్రత్త, ఆ అంకె వికెట్ పడగానే మారిపోతుంది. మనం ఆడుకున్న ఊహా మ్యాచ్‌లో 20 ఓవర్ల దగ్గర రెండు వికెట్లకు పార్ 81, అదే బంతికి మూడో వికెట్ పడితే 96. వాన మొదలయ్యాక చివరిగా విన్న అంకెని పట్టుకు కూర్చోకుండా, వికెట్ పడిందేమో చూసి కొత్త అంకె అడగండి.